ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లు

అగ్రిమెంటు మధ్యాహ్నం రెండున్నరకు వాట్సాప్‌లో వచ్చింది. ఆ సమయానికి నర్సు ఫిలోమినా నరసరావుపేటలో తను పనిచేసే ఆసుపత్రి మొదటి అంతస్తులో నర్సుల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఓపీ అయిపోయింది. వార్డులో అందరూ తిని పడుకున్నారు. మూడో మంచం మీద ముప్పాళ్ళ నుంచి వచ్చిన ముసలాయన సెలైన్ సగానికి దిగింది. దాన్ని ఒకసారి చూసి ఫోను తీసింది.

ఇల్లు అద్దెకిస్తున్న కామేశం గారు పంపిన కాగితం అది. ఆయనకు బరంపేటలో ఎరువుల కొట్టుంది. ఇల్లు కొట్టు వెనక వీధిలో. శనివారంలోగా చదువుకుని సరేనంటే స్టాంపు కాగితం మీద కొట్టిస్తానని కింద తెలుగులో రాశాడు. పైన మూడు పేజీలు ఇంగ్లీషులో ఉన్నాయి.

ఫిలోమినాకు ఇంగ్లీషు రాదని కాదు. మందుల పేర్లు, కేస్ షీట్లు రోజూ ఇంగ్లీషులోనే రాస్తుంది. కానీ ఈ నాలుగు నెలలుగా ఏ భాషలో చదివినా అక్షరాలు అక్షరాలుగానే ఉండిపోతున్నాయి. మొదటి వాక్యం మూడుసార్లు చదివింది. మూడోసారి కూడా ఏమీ లోపలికి దిగలేదు.

ఇలాంటి కాగితాలన్నీ ఆమె భర్త కృపానందం చూసుకునేవాడు. రొంపిచెర్ల హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏ కాగితాన్నైనా పెన్సిలు పట్టుకుని చదివేవాడు, అర్థం కాని చోట సున్నా చుట్టేవాడు. నాలుగు నెలల క్రితం బళ్ళోనే, పాఠం మధ్యలో కుర్చీలో కూలబడ్డాడు. గుంటూరు తీసుకువెళ్ళారు. నాలుగు రోజులు ఉన్నాడు. ఆ నాలుగు రోజులూ అతని బీపీ, పల్సు తనే రాసుకుంది ఫిలోమినా. రాసిన అంకెలన్నీ ఇప్పటికీ గుర్తున్నాయి. ఏడ్చిన గుర్తు మాత్రం లేదు.

పిల్లలు లేరు. ఇప్పుడున్న ఇంటి యజమాని తన కూతురి కాపురానికని ఖాళీ చేయమన్నాడు. మర్యాదగానే అడిగాడు, రెండు నెలలు గడువిచ్చాడు. దాంతో కొత్త ఇల్లు చూసుకోవలసి వచ్చింది.

ఆమె ఫోన్లో ఒక ఏఐ యాప్ ఉంది. తోటి నర్సు వందన, వయసులో చాలా చిన్నది, డిశ్చార్జి కాగితాల్లోని సూచనల్ని రోగులకు తెలుగులో చెప్పడానికి పనికొస్తుందని వేసి పెట్టింది. ఏం అడిగినా తెలుగులోనే చెప్పమని దానికి ముందే రాసి ఉంచింది. ఫిలోమినా అగ్రిమెంటు మొత్తాన్ని వేలితో నొక్కి పట్టి, కాపీ చేసి, అందులో అతికించింది. కింద ఏదో అడుగుదామనుకుంది. వేలు అక్షరాల మీద ఆగిపోయింది. ఏం అడగాలో తోచలేదు. అడగవలసింది ఏదైనా ఉందో లేదో కూడా తెలియలేదు. ఉత్త కాగితమే పంపేసింది.

జవాబు వెంటనే వచ్చింది.

"మీరు ఒక ఇంటి అద్దె ఒప్పందం పంపారు, ప్రశ్న ఏమీ రాయలేదు. అందుకని ఇందులోని ముఖ్యమైన షరతులు మామూలు మాటల్లో చెబుతున్నాను. ఇది కాగితాన్ని అర్థం చేసుకోవడానికే, న్యాయ సలహా కాదు. సంతకం పెట్టే ముందు స్థానిక లాయరుకు చూపించడం మంచిది" అని మొదలైంది.

ఆమె చదవసాగింది. చిన్న చిన్న వాక్యాలు. ఒక్కొక్కటి చదివి ఆగడానికి వీలుగా ఉన్నాయి.

ఒప్పందం పదకొండు నెలలకు. ఆ తర్వాత ఉండాలంటే ఇద్దరూ కలిసి మళ్ళీ రాసుకోవాలి. కానీ ఆరో షరతు ప్రకారం మీరు పన్నెండు నెలల లోపు ఖాళీ చేయకూడదు. ఒప్పందమే పదకొండు నెలలైనప్పుడు ఈ రెండూ పొసగవు, అడిగి సరిచేయించుకోండి. మీరు వెళ్ళాలంటే రెండు నెలల ముందు చెప్పాలి, యజమాని మిమ్మల్ని వెళ్ళమనాలంటే పదిహేను రోజులు చాలు. అడ్వాన్సు తిరిగి ఇస్తారని ఉంది గానీ ఖాళీ చేశాక ఎన్నాళ్ళకు ఇస్తారో లేదు. గోడలు, పైకప్పుతో సహా అన్ని మరమ్మతులూ మీవే. యజమాని ఎప్పుడైనా, చెప్పకుండా లోపలికి రావచ్చు. పదహారో షరతులో లిఫ్టు, క్లబ్‌హౌస్ ఖర్చులున్నాయి. పై వివరాల్లో ఇది ఒకే అంతస్తు ఇల్లని ఉంది కాబట్టి, ఈ షరతు వేరే అపార్ట్‌మెంటు నమూనా నుంచి వచ్చి ఉండవచ్చు. తగాదా వస్తే వేరే నగరంలోని కోర్టుకు వెళ్ళాలని రాసి ఉంది.

వీటన్నిటినీ ఆమె చార్టు చదివినట్టే చదివింది. బాగోలేదని తెలుస్తోంది, బాధ మాత్రం కలగడం లేదు. తర్వాత పదకొండో షరతు వచ్చింది.

"ఇది జాగ్రత్తగా చూడండి. ఈ ఇంట్లో అద్దెదారు ఒక్కరే ఉండాలని రాసి ఉంది. ఇంకెవరైనా ఏడు రోజులకు మించి ఉంటే, ఇంటిని మరొకరికి అద్దెకిచ్చినట్టు లెక్కగట్టి యజమాని ఒప్పందం రద్దు చేయవచ్చు. మీతోపాటు ఎవరైనా ఉండేటట్టయితే వాళ్ళ పేర్లు ఇందులో రాయించుకోవాలి."

చివర, కాగితాన్ని బట్టి తను చెప్పలేనివి రెండున్నాయని రాసింది. సంతకం పెడుతున్న మనిషే నిజంగా ఇంటి హక్కుదారా అన్నది ఒకటి. ఈ ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలా అన్నది రెండోది. ఆ నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో గానీ లాయరును గానీ అడగమంది. ఆ కింద రెండు ప్రశ్నలు.

"మీరు ఇల్లు తీసుకుంటున్నవారా, ఇస్తున్నవారా? మీతోపాటు ఆ ఇంట్లో ఇంకెవరైనా ఉంటారా?"

ఫిలోమినా "మా అత్తగారు" అని కొట్టింది. పంపకుండా కాసేపు చూసింది. అక్షరం తర్వాత అక్షరం చెరిపేసింది.

ముసలాయన సెలైన్ అయిపోవస్తోంది. లేచి వెళ్ళి బాటిలు మార్చింది.

అత్తగారి పేరు లూర్దమ్మ. డెబ్భై రెండేళ్ళ మనిషి. మామగారు పోయినప్పటి నుంచి, అంటే పద్నాలుగేళ్ళుగా, కృపానందం దగ్గరే ఉంటోంది. చిన్న కొడుకు ప్రదీప్ మాచర్లలో ఉంటాడు, సిమెంటు ఫ్యాక్టరీలో పని. అన్న దినాలయిన దగ్గర్నుంచి అతను ప్రతి ఆదివారం ఫోను చేసి, ఇల్లు మారే రోజున వ్యాను తీసుకొస్తాననీ, అమ్మ అటునుంచి అటే తనతో వచ్చేస్తుందనీ అంటున్నాడు. సరేనని ఫిలోమినా అంటోంది. లూర్దమ్మ ఏమీ అనడం లేదు. ఆమెను ఎవరూ అడగలేదు కూడా. అలా జరగాలని ఎవరు అనుకున్నారో, ఎప్పుడు అనుకున్నారో ఫిలోమినాకు గుర్తు లేదు.

పదకొండో షరతు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం గుర్తుంది. ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజు కామేశం గారు తాళం తీస్తూ, ఎంతమంది ఉంటారమ్మా అని అడిగాడు. ఒక్కదాన్నే అంది. భర్త పోయాక ఎవరేమడిగినా నోటికి ముందుగా వచ్చే మాట అదే. అప్పుడు లూర్దమ్మ ఆమె వెనకే, రెండడుగుల దూరంలో, చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉంది.

డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళేసరికి ఆరయింది. లూర్దమ్మ వరండాలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. ఫిలోమినా చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. మొహం కడుక్కుని మళ్ళీ వరండాలోకి వచ్చి, అత్తగారి పక్కన గచ్చు మీద కూర్చుంది. అలా పక్కన కూర్చుని చాలా రోజులయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకరు వంటగదిలో ఉంటే ఇంకొకరు గదిలో, గంటల లెక్కన మాట లేకుండా గడిపేస్తున్నారు. కోపం ఉండి కాదు.

"అత్తమ్మా, కొత్తింటి అగ్రిమెంటు వచ్చింది. ఇంట్లో ఎవరెవరుంటారో పేర్లు రాయాలంట" అంది.

లూర్దమ్మ ఆకులు తుంచుతూనే ఉంది. "ఒక్కదాన్నేనని చెప్పావుగా" అంది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. తెలిసిన సంగతి గుర్తు చేసినట్టుంది. ఫిలోమినా అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. ఆ రోజు తన పక్కన ఎవరున్నారో తను చూడలేదు. అంతే జరిగింది. దాన్ని ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టే చెప్పింది.

"నేను నిన్ను లెక్కలో తీసేసి అనలా. ఆయన లేడని అన్నా. నువ్వు వెనకున్నావని ఆ నిమిషాన నాకు తెలీలా."

లూర్దమ్మ చేతులు ఆగాయి. ఆ రోజు ఇంటికొచ్చాక తన బట్టలు సంచీలో సర్దుకున్నానని చెప్పింది. మంచం కింద పెట్టిందట. అప్పటి నుంచి రోజూ పైనున్న రెండు చీరలే మార్చి మార్చి కడుతోందట. ఫిలోమినా అది గమనించలేదు. ఒకే ఇంట్లో ఉండి, ఎదురుగా తిరిగే మనిషి ఒంటి మీద అవే రెండు చీరలుంటే చూడలేదు.

"మాచర్లలో ఉండాలని ఉందా నీకు?" అని అడిగింది.

"వాడికి రెండు గదులు. ఇద్దరు పిల్లకాయలు. పోతే చూడకపోడు" అంది లూర్దమ్మ. మళ్ళీ ఆకు తుంచుతూ, "నువ్వు ఉండమంటే కదా ఉండటం. కొడుకు లేని ఇంట్లో కోడలి మీద పడి తింటందంటే నాకు మాత్రం బాగుంటదా?" అంది.

"ఎవరన్నారు ఆ మాట?"

"ఎవరూ అనలా. అనక ముందే పోదామనుకున్నా."

వీధిలో పాలబండి వెళ్ళింది. ఫిలోమినా లోపల ఎక్కడైనా ఏదైనా కదులుతుందేమోనని చూసుకుంది. ఏమీ కదల్లేదు. అయినా అడగవలసిన మాట అడిగింది. ఆ పని చేయడానికి మనసు కదలవలసిన అవసరం లేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"నాతో ఉండు అత్తమ్మా. నీ పేరు రాయిస్తా."

లూర్దమ్మ గోంగూర కాడలు ఒక పక్కకు నెట్టి, ఆకులు గిన్నెలోకి ఎత్తింది. లేచి లోపలికి వెళ్ళి ఆధార్ కార్డు తెచ్చింది. దాని మీద లూర్దు మేరి అని ఉంది. "ఇట్టాగే రాయమను. లూర్దమ్మ అని రాస్తే మళ్ళీ తప్పంటారు" అంది.

మర్నాడు ఫిలోమినా వందనను వెంటబెట్టుకుని లాయరు దగ్గరికి వెళ్ళింది. హిమబిందు అనే ఆ లాయరు వందన వాళ్ళ వీధిలోనే ఉంటుంది, నరసరావుపేట కోర్టులో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. ఆమె మొదట అగ్రిమెంటు మొత్తం చదివింది, తర్వాత ఫోన్లోని జవాబు చదివింది. యాప్ షరతుల అర్థం సరిగానే చెప్పిందని ఒప్పుకుంది. పెన్ను తీసి ఆరు, పదకొండు, పదహారు అంకెల పక్కన గీతలు పెట్టింది.

"ఇది కాగితం చూసి చెప్పింది. నేను ఇల్లెవరిదో చూడాలి. ఇంటి పన్ను రసీదు తెప్పించు అక్కా" అంది.

ఫిలోమినా ఫోను చేస్తే కామేశం గారు రసీదు ఫొటో తీసి పంపాడు. దాని మీద ఉన్న పేరు ఆయన భార్య కోటేశ్వరిది. అగ్రిమెంటులో యజమాని అని కామేశం పేరుంది. ఇల్లు భార్య పేరు మీద ఉంటే సంతకం ఆమే పెట్టాలని, లేదంటే భర్తకు రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలని హిమబిందు చెప్పింది. రెండో సంగతి రిజిస్ట్రేషన్. పదకొండు నెలలైతే అక్కర్లేదని అందరూ అనుకుంటారు గానీ, మన రాష్ట్రంలో అద్దె ఒప్పందం ఎన్ని నెలలదైనా రిజిస్టరు కావలసిందేనంది. చాలామంది చేయించరు, తగాదా వచ్చినప్పుడు ఆ కాగితం కోర్టులో సరిగా నిలబడదు. తర్వాత తెల్లకాగితం మీద మార్చవలసినవన్నీ తెలుగులో రాసిచ్చింది.

సాయంత్రం ఫిలోమినా ఆ కాగితం తీసుకుని ఎరువుల కొట్టుకు వెళ్ళింది. కామేశం గారు కళ్ళజోడు పెట్టుకుని, బస్తాల మధ్య నిలబడి చదివాడు. చదువుతున్నకొద్దీ ఆయన మొహం ముడుచుకుంది. అగ్రిమెంటు ఆయన రాసింది కాదు. కోర్టు ఎదురుగా ఉన్న డీటీపీ సెంటరులో పేరు, అద్దె, ఒక్కరే ఉంటారన్న మాట చెబితే, అక్కడి వాళ్ళు ఎప్పటిదో నమూనాలో అవి దూర్చి ఇచ్చారు. ఆయన చదవకుండానే పంపాడు.

"క్లబ్‌హౌస్ ఏందమ్మా? మన ఇంటికి మేడ మెట్లే లేవుగా" అన్నాడు.

కళ్ళజోడు తీసి, చెప్పకుండా ఇంట్లోకి రావడమనే మాట తను అనలేదన్నాడు, ఆడవాళ్ళుండే ఇంట్లోకి తనెందుకు వస్తానన్నాడు. పైకప్పు మరమ్మతు తనదేనని, సున్నం, కుళాయిలు ఆమె చూసుకుంటే చాలని ఒప్పుకున్నాడు. వెళ్ళాలన్నా వెళ్ళమనాలన్నా ఇద్దరికీ రెండేసి నెలల గడువు సరేనన్నాడు. అడ్వాన్సు ఖాళీ చేసిన పదిహేను రోజుల్లో ఇస్తానని రాయమన్నాడు. రిజిస్ట్రేషన్ దగ్గర మాత్రం గునిశాడు. పాతికేళ్ళుగా ఇస్తున్నా ఎన్నడూ చేయించలేదన్నాడు. ఫిలోమినా వాదించలేదు, వాదించే ఓపిక ఆమెకు లేదు. చేయించుకుందాం కామేశం గారూ అని మాత్రం రెండుసార్లు అంది. రెండోసారి ఆయన తలూపాడు.

చివరికి పదకొండో షరతు దగ్గరికి వచ్చాడు. "ఒక్కదానివేనన్నావుగా సిస్టరమ్మా?"

"తప్పు చెప్పానండి. ఇద్దరం ఉంటాం. మా అత్తగారు, నేను."

కామేశం గారు ఆమె వంక కాసేపు చూశాడు. ఆ రోజు సంచీ పట్టుకుని నిలబడ్డ పెద్దామెను తోడు వచ్చిన మనిషనుకున్నానన్నాడు. గల్లాపెట్టె మీదున్న పెన్ను తీసుకుని, లూర్దు మేరి అన్న పేరు కింద తనే గీత గీశాడు.

ఆ ఆదివారం ప్రదీప్ ఫోను చేసినప్పుడు ఫిలోమినా సంగతి చెప్పింది. అతను, తను సరిగా చూసుకోనని అమ్మ అనుకుంటోందా అని అడిగాడు. ఫిలోమినా ఫోను అత్తగారికిచ్చి వంటగదిలోకి వెళ్ళింది. తలుపు అవతల నుంచి లూర్దమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. వేసవి సెలవుల్లో పిల్లల్ని పంపమంటోంది, తనకు మోకాళ్ళు బాగున్నప్పుడు తనే వస్తానంటోంది, ఒరేయ్ అని రెండుసార్లు కసిరింది. ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఫిలోమినా ఆ తడిని చూసింది, చీర కూడా మారిందని చూసింది.

రిజిస్ట్రేషన్ బుధవారం పెట్టుకున్నారు. ఇద్దరు సాక్షులు కావాలన్నారు. ఒకరు వందన. ఇంకొకరికోసం చూస్తుంటే, సెలవు పెట్టి వస్తానని ప్రదీప్ తనంతట తనే అన్నాడు. పొద్దున్నే బస్సు దిగి నేరుగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వచ్చాడు. కోటేశ్వరి గారు పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఇల్లు తన పేరు మీద ఉన్నా, దాని గురించి తన సంతకం అడగడం ఇదే మొదటిసారట. హిమబిందు తెలుగులో రాయించిన కొత్త ఒప్పందాన్ని ఆమె మొత్తం చదివాకే పెన్ను పట్టుకుంది. కామేశం గారు పక్కన నిలబడి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

ప్రదీప్ సాక్షి సంతకం పెట్టబోతూ కాగితాన్ని దగ్గరగా పట్టుకున్నాడు. అద్దెదారుతోపాటు నివసించువారు అన్నచోట తల్లి పేరు చదివాడు. దాని కింద, దగ్గరి బంధువులు వచ్చి కొన్నాళ్ళుంటే దాన్ని అద్దెకిచ్చినట్టు లెక్కించరాదని ఇంకో వాక్యం ఉంది. అది హిమబిందు చేర్చింది. ప్రదీప్ దాన్ని కూడా చదివి, సంతకం పెట్టాడు.

"వదినా, వ్యాను మాత్రం తెస్తా. సామాను నేనే దించుతా" అన్నాడు.

అన్నట్టే తెచ్చాడు. శనివారం మధ్యాహ్నానికల్లా మంచాలు, బీరువా, గ్యాసు పొయ్యి, కృపానందం పుస్తకాల అట్టపెట్టెలు అన్నీ కొత్తింట్లోకి చేరాయి. వాళ్ళ చర్చి ఫాదరు వచ్చి చిన్న ప్రార్థన చేసి వెళ్ళారు. వ్యానును పంపేసి, ప్రదీప్ సాయంత్రం బస్సుకు బయల్దేరాడు. వెళ్ళేముందు తల్లి మంచాన్ని కిటికీ పక్కకు జరిపి, ఊగకుండా ఒక కాలి కింద అట్టముక్క పెట్టాడు.

ఇంట్లో ఇద్దరే మిగిలారు. ఫిలోమినా ముందు గదిలో పెట్టెల మధ్య కూర్చుంది. విప్పాలనుకుంది గానీ చేతులు లేవలేదు. కృపానందం లేకుండా సర్దుకోవలసిన మొదటి ఇల్లిది. ఎదురుగోడ మీద పాత కేలెండరు మేకు ఒకటుంది. దాన్నే చూస్తూ ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. వెనకవైపు ఎక్కడో నీళ్ళ చప్పుడు అవుతోంది. అది వినిపిస్తోంది గానీ, లేచి వెళ్ళవలసిన చప్పుడని తోచలేదు.

"ఏమే ఫిలోమీ, కుళాయి తిప్పి వదిలేశావు, ట్యాంకీ అంతా పోతంది. ఒంటి మీద తెలివుందా నీకు?"

వెనక వాకిట్లోంచి లూర్దమ్మ అరిచింది. కొడుకు పోయాక ఆమె కోడలి మీద గొంతెత్తడం అదే మొదలు. ఫిలోమినా లేచి, పెట్టెల మధ్య దారి చేసుకుంటూ వెళ్ళి కుళాయి కట్టేసింది. వాకిలంతా తడిసిపోయింది. లూర్దమ్మ చీపురు తెచ్చి, ఇంకా తిడుతూనే, నీళ్ళను తూములోకి ఊడుస్తోంది. ఫిలోమినా రెండో చీపురు కోసం అటూ ఇటూ వెతికింది. అది ఏ పెట్టెలో ఉందో తెలియక, చీర కుచ్చిళ్ళు దోపుకుని అరచేత్తోనే నీళ్ళు నెట్టసాగింది.